గీజర్ స్విచ్ వేడెక్కుతోందా, చిటపటమంటోందా? ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు మీరు చేయాల్సింది, వచ్చాక చేయించుకోవాల్సింది

చలికాలం మొదలైందంటే చాలామంది ఇదే అడుగుతారు. "గీజర్ స్విచ్ ముట్టుకుంటే వేడిగా ఉంది. వేసినప్పుడు లోపల చిటపటమంటోంది. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉంది, ప్లేటు ఊడదీసి నేనే బిగించుకోవచ్చా?"

వద్దండి. ప్లేటు వెనక పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అందుకు కారణాలు కింద చెప్తాను. అయితే ఆయన వచ్చేలోపు మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయన వచ్చాక దగ్గరుండి ఏం చూసుకోవాలో కూడా మీకు తెలిసుండాలి, ఎందుకంటే స్క్రూ ఒక తిప్పు తిప్పి వెళ్లిపోయే రిపేరు నెల తిరగకుండానే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ గీజర్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఏసీ, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీ పెట్టె, మోటారు స్విచ్‌లకూ పద్ధతి ఇదే.

ముందు ఒక్క లెక్క

2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటంతా స్విచ్ వెనక ఉన్న చిన్న ఇత్తడి టెర్మినల్‌లో, స్క్రూ కింద నొక్కుకుని ఉన్న రాగి తీగ గుండానే పోవాలి. స్క్రూ బిగువుగా ఉన్నంతకాలం అక్కడ వేడి పుట్టదనే చెప్పాలి. స్క్రూ వదులై ఆ చోట 0.1 ఓమ్ నిరోధం ఏర్పడితే 7 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అది 0.3 ఓమ్‌కి చేరితే 22 వాట్లు దాటుతుంది. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి మీ గోడలో, ప్లాస్టిక్ మధ్య, గీజర్ ఆన్‌లో ఉన్నంతసేపూ పుడుతూనే ఉంటుంది.

మరి లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే ఎంసీబీ ఇక్కడ ఎందుకు పడదు? దానికి కనిపించే కరెంటు అప్పుడూ 8.7 ఆంపియర్లే కాబట్టి. 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. ఆర్‌సీసీబీ కూడా పడదు. కరెంటు బయటికి లీకైతేనే అది పడుతుంది, వదులు టెర్మినల్‌లో లీకేజీ ఉండదు. అందుకే "ఎంసీబీ పడలేదు కదా, ఏం కాదులే" అనుకోకండి. ఈ లోపాన్ని మీ చెయ్యి, చెవి, ముక్కు ఎంసీబీ కంటే ముందే పట్టుకుంటాయి.

ఏది మామూలు, ఏది కాదు

ఫ్యాన్ రెగ్యులేటరు, లైటు డిమ్మరు కాస్త గోరువెచ్చగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, వాటి తీరే అంత. ఫ్యాను గానీ మోటారు గానీ ఆపేటప్పుడు స్విచ్ లోపల ఒక్కసారి చిన్న నీలం మెరుపు కనబడి టక్కుమని ఆగిపోతే అదీ మామూలే.

మామూలు కానివి ఇవి. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ సన్నగా చిర్రుమనో చిటపటమనో వినిపించడం. స్విచ్‌ని వేలితో కాస్త కదిపితే లైటు మినుకుమినుకుమనడం. ప్లేటు తెల్లదనం పోయి ఒకచోట పసుపు, గోధుమ రంగు తిరగడం. ఇక వాసన. బోర్డు దగ్గర కాలిన వాసన వస్తే అందరికీ తెలుస్తుంది గానీ, చాలాసార్లు ముందుగా వచ్చేది చేపల వాసనలాంటి నీచు వాసన. స్విచ్‌లలో వాడే కొన్ని ప్లాస్టిక్‌లు వేడెక్కితే అలా కంపు కొడతాయి. వంటింట్లో చేపలు లేకుండా ఆ వాసన వస్తోందంటే బోర్డులన్నీ ఒకసారి చూడండి.

మీకు కావలసినవి

- టార్చిలైటు, లేదా ఫోన్ లైటు
- పొడి చెప్పులు, పొడి చేతులు
- కాగితం, పెన్ను, సెల్లోటేపు
- ఫోన్ కెమెరా

ఈ జాబితాలో స్క్రూడ్రైవర్ లేదు, టెస్టరు కూడా లేదు. మీ వంతు పనికి అవి అక్కర్లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు

1. శబ్దం వస్తుంటే ఆ స్విచ్ జోలికి వెళ్లకండి. చిటపట వినిపిస్తున్నప్పుడు, పొగ వాసన ఉన్నప్పుడు స్విచ్‌ని ఆఫ్ చేయడానికి చెయ్యి పెట్టకండి. లోడు మీద ఉన్న వదులు స్విచ్‌ని కదిపితే మెరుపు ఇంకా పెరగొచ్చు. పైగా పెళుసుబారిన ప్లాస్టిక్ చేతిలోనే విరగొచ్చు. నేరుగా ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, అంటే డీబీ దగ్గరికి వెళ్లి గీజర్ ఎంసీబీ దించండి. ఏది గీజర్‌దో తెలియకపోతే మెయిన్ దించేయండి. శబ్దం లేకుండా వెచ్చగా మాత్రమే ఉంటే స్విచ్‌ని పొడి చేత్తో ఆపొచ్చు, ఆ తర్వాత ఎంసీబీ కూడా దించాలి.

2. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. మన ఇళ్లలో ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. మెయిన్ దించినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది. గీజర్ ఇన్వర్టర్ మీద ఉండదు నిజమే. కానీ అదే బోర్డులో బాత్రూమ్ లైటుకి ఇన్వర్టర్ ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, వచ్చి ఉండొచ్చు. చాలా ఇన్వర్టర్లలో ముందున్న బటన్ ఒక్కటే ఆపితే సరిపోదు, మెయిన్ కరెంటు ఉన్నంతసేపు అది లోపలి నుంచి దాటిపోతూనే ఉంటుంది. కాబట్టి మెయిన్ దించాలి, ఇన్వర్టర్ కూడా ఆపాలి.

3. మంట గానీ పొగ గానీ కనిపిస్తే. మెయిన్ చేతికందే చోట ఉంటేనే దించండి. నీళ్లు చల్లకండి. పౌడర్ రకం, లేదా కార్బన్ డయాక్సైడ్ రకం ఆర్పే సిలిండర్ దగ్గరుంటే వాడొచ్చు. లేకపోతే ఇంట్లోవాళ్లందర్నీ బయటికి తీసుకెళ్లి 101కి ఫోన్ చేయండి.

4. ఎంసీబీ మీద కాగితం అంటించండి. "గీజర్ లైను, వేయొద్దు" అని రాసి టేపు వేయండి. మీరు ఆఫీసుకెళ్లాక ఇంట్లో పెద్దవాళ్లో, పనిమనిషో "అరే, ఇది పడిపోయినట్టుంది" అని పైకి లేపే అవకాశం చాలా ఎక్కువ.

5. చల్లారాక బయటి నుంచే చూడండి. ఒక అరగంట ఆగండి. టార్చి వేసి ప్లేటు మీద రంగు మారిందా, స్విచ్ ఒక పక్కకి కుంగిందా, సాకెట్ కన్నాల చుట్టూ నల్లబడిందా చూడండి. గీజర్ ప్లగ్ పెట్టి వాడేదైతే, ఎంసీబీ దించాక ప్లగ్ బయటికి తీసి దాని పిన్నులు చూడండి. ఒక పిన్ను మాత్రమే గోధుమ రంగుకో నలుపుకో తిరిగి ఉంటే వేడి స్విచ్‌లో పుట్టలేదు, సాకెట్‌లో పుట్టిందన్నమాట. ఫొటోలు తీసి పెట్టుకోండి. అద్దె ఇల్లయితే ఓనరుకి పంపడానికీ అవే పనికొస్తాయి.

6. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్‌లో ఇలా చెప్పండి. "స్విచ్ పనిచేయట్లేదు" అంటే ఆయన ఒక 6 ఆంపియర్ల స్విచ్ జేబులో వేసుకొస్తాడు. "2 కిలోవాట్ల గీజరు, 16 ఆంపియర్ల స్విచ్, పది నిమిషాలకి వేడెక్కుతోంది, చిటపట వస్తోంది, ఫలానా రకం ప్లేటు, ఇన్వర్టర్ ఉంది" అని చెప్పి ఫొటో పంపండి. సరైన స్విచ్చు, సాకెట్టు, కాస్త వైరు, కరెంటు ఉందో లేదో చూసే మల్టీమీటరు తెచ్చుకుంటాడు. వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

వేడి, వాసన మీ డీబీలో కాకుండా కరెంటు మీటరు దగ్గర వస్తుంటే అది డిస్కం పని. 1912కి ఫోన్ చేయండి. మీటరు సీలు మీ ఎలక్ట్రీషియన్ కూడా తెంపకూడదు.

మీరే ఎందుకు బిగించకూడదు

నిబంధనల్లో ఉన్నది ముందు చెప్తాను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వైరింగు పనులను లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలంటాయి. సామర్థ్యం మారకుండా, ఉన్న స్విచ్ బదులు అదే రకం స్విచ్ వేయడానికి మాత్రం మినహాయింపు ఇచ్చాయి. "మరి నేను మార్చుకోవచ్చు కదా" అని కొందరు అడుగుతారు. బాగున్న బోర్డులో పాతబడ్డ స్విచ్ మార్చడం వేరు, వేడికి మాడిన బోర్డులో చెయ్యి పెట్టడం వేరు.

మొదటి చిక్కు, స్విచ్ ఆపినా కరెంటు పోయిందని నమ్మకం లేదు. ఫేజు మీద ఉండాల్సిన స్విచ్‌ని, కరెంటు తిరిగిపోయే వైరైన న్యూట్రల్ మీద వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ స్విచ్ ఆపితే గీజర్ ఆగుతుంది గానీ వైర్లలో ఫేజు అలాగే ఉంటుంది. సరిగ్గా వేసిన చోట కూడా స్విచ్ దాకా వచ్చే ఫేజు ఎప్పుడూ బతికే ఉంటుంది.

రెండోది టెస్టరు. నియాన్ బల్బు టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదని కాదు. మీరు ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే వెలక్కపోవచ్చు, బల్బు పోయినా వెలగదు. పని తెలిసినవాడు మల్టీమీటరుని ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని చూసుకుంటాడు. తర్వాత ఈ బోర్డులో చూస్తాడు, మళ్లీ ఆ సాకెట్‌లో పెట్టి మీటరు ఇంకా బాగానే ఉందని తేల్చుకుంటాడు.

మూడోది, అన్నిటికంటే పెద్దది. వేడి తగిలిన వైరు పైతొడుగు అప్పడంలా పెళుసైపోతుంది. ప్లేటు ముందుకి లాగగానే అది పొడిపొడిగా రాలి, రాగి తీగ బయటపడి పక్క తీగకి తగులుతుంది. ఆ క్షణంలో లైను ఎక్కడో బతికి ఉంటే చేతిలోనే షార్టు అవుతుంది. ఎక్కడిదాకా మాడిందో చూసి అక్కడిదాకా కత్తిరించడం, వైరు చాలకపోతే పైపులోంచి కొత్తది లాగడం స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని కాదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాక దగ్గరుండి చూసుకోండి

ఒక ఇంట్లో జరిగింది చెప్తాను, క్రమం తేలిగ్గా అర్థమవుతుంది. బాత్రూమ్ బయట బోర్డు. 2 కిలోవాట్ల గీజరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల స్విచ్చు. కాగితం మీద ఏ తప్పూ లేదు. అయినా గీజర్ వేసిన పది పదిహేను నిమిషాలకి స్విచ్ వేడెక్కేది. అంతకుముందు ఒకాయన వచ్చి స్విచ్ మార్చి వెళ్లాడు, కొన్నాళ్లకి మళ్లీ అదే తంతు.

1. లైను చనిపోయిందని తేల్చడం. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, పైన చెప్పినట్టు మీటరుతో చూశారు. "ఏం కాదు సార్, ఆన్‌లోనే చేసేస్తా" అనే మనిషైతే పని ఆపించండి.

2. ప్లేటు విప్పి కారణం వెతకడం. అసలు తప్పు ఇక్కడ దొరికింది. స్విచ్‌కి ఫేజు వచ్చే టెర్మినల్‌లో రెండు వైర్లు దూర్చారు. ఒకటి గీజర్‌కి వచ్చే 2.5 లావు వైరు. రెండోది పక్కనున్న లైటు స్విచ్‌కి లూపు తీసిన 1 చదరపు మిల్లీమీటరు సన్న వైరు. లావుదీ సన్నదీ ఒకే స్క్రూ కింద పెడితే రెండిటి మీదా నొక్కుడు సమానంగా పడదు. స్క్రూ పైకి గట్టిగానే తగులుతుంది గానీ ఒక వైరు వదులుగా ఉండిపోతుంది. ఇక్కడ వదులుగా ఉన్నది లావు వైరే, దాని తీగలు నల్లబడి ఉన్నాయి. అందుకే స్విచ్ ఒక్కటే మార్చినప్పుడు జబ్బు తగ్గలేదు.

3. మాడిన ముక్క కత్తిరించడం. నల్లబడ్డ రాగిని గీకి మళ్లీ వాడకూడదు. తీగ మెరిసే చోటు, పైతొడుగు మెత్తగా వంగే చోటు వచ్చేదాకా కత్తిరించాలి. ఇక్కడ అంగుళంన్నర పోయింది. బాక్సులో వైరు మిగులు ఉండబట్టి సరిపోయింది. మిగులు లేకపోతే కొత్త వైరు లాగాలి. ముక్క కలిపి మెలిపెట్టి టేపు చుట్టి బాక్సులో తోసేస్తే ఒక వదులు జాయింటు పోయి ఇంకొకటి వచ్చినట్టే.

4. లూపు వేరు చేయడం. గీజర్ వైరుని ఒంటరిగా స్విచ్‌లో బిగించి, లైటు స్విచ్‌లకి దాని సొంత లైటింగ్ లైను నుంచే ఫేజు ఇచ్చారు.

5. సరిగ్గా బిగించడం. తొడుగు టెర్మినల్ లోతుకి సరిపడా, సుమారు ఒక సెంటీమీటరు తీశారు. ఒక్క తీగపోగు కూడా తెగకుండా, బయట వేలాడకుండా మెలిపెట్టి దూర్చి స్క్రూ బిగించారు. స్క్రూ రాగి మీద పడాలి. తొడుగు మీద పడితే బిగిసినట్టే ఉంటుంది గానీ ప్లాస్టిక్ వేడికి మెత్తబడి వదులైపోతుంది. బిగించాక ఒక్కో వైరునీ పట్టి లాగి చూడాలి. ఈ లాగడం మీ కళ్ల ముందే జరగాలి.

6. స్విచ్ కొత్తది వేయడం. ఒకసారి బాగా వేడెక్కిన స్విచ్‌లో స్ప్రింగు బిగువు పోతుంది, కాంటాక్టులు గుంటలు పడతాయి. పాతది బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, అంతే. 16 ఆంపియర్లదే కావాలి, దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. సాకెట్ పట్టు వదులైనా, ప్లగ్ పిన్ను మాడినా అవీ మార్చాల్సిందే. మాడిన పాత ప్లగ్ కొత్త సాకెట్‌ని కూడా పాడుచేస్తుంది.

7. డీబీ దాకా చూడడం. అదే లైనుకి ఎంసీబీ స్క్రూ, న్యూట్రల్ పట్టీ మీద స్క్రూ కూడా బిగువు చూడమనండి. న్యూట్రల్‌లో కూడా అదే 8.7 ఆంపియర్లు పోతుంది. కానీ అక్కడ చూసేవాళ్లు తక్కువ.

మీది పాత ఇల్లయి, అల్యూమినియం వైరింగు ఉంటే ఈ విషయం ముందే చెప్పండి. అల్యూమినియం మెత్తన, స్క్రూ కింద కాలక్రమేణా ఒదిగి వదులవుతుంది, దాని మీద పట్టే పొర కరెంటుని సరిగా పోనివ్వదు. దాన్ని రాగి వైరుతో నేరుగా మెలిపెట్టకూడదు. అలాంటి ఇంట్లో గీజర్, ఏసీలకు డీబీ నుంచి కొత్త రాగి లైను లాగించుకోవడమే నా సలహా.

ఎక్కువమంది చేసే తప్పులు

పెద్ద ఎంసీబీ వేయించడం. వేడికీ ఎంసీబీకీ సంబంధం లేదని పైనే చూశాం. 20 తీసి 32 వేస్తే వదులు టెర్మినల్ అలాగే ఉంటుంది, వైరుకున్న రక్షణ పోతుంది.

కన్వర్టర్ ప్లగ్. 16 ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్‌ని 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టడానికి బజార్లో చిన్న డబ్బా దొరుకుతుంది. ఇండక్షన్ స్టవ్‌కి దీన్ని వాడేవాళ్లు లెక్కలేనంతమంది. 2000 వాట్ల స్టవ్ అంటే మళ్లీ 8.7 ఆంపియర్లే. 6 ఆంపియర్ల స్విచ్, దాని వెనక సన్న వైరు రోజూ ఆ లోడు మోయాలి. అక్కడ టెర్మినల్ గట్టిగా ఉన్నా వేడెక్కుతుంది. బిగించడం దానికి మందు కాదు, ఆ స్టవ్‌కి 16 ఆంపియర్ల పాయింటు వేయించుకోవాలి.

స్విచ్ సందుల్లో స్ప్రే కొట్టడం, చీమల మందు చల్లడం. బోర్డుల్లో చీమలు గూడు కట్టడం, బల్లులు దూరి చావడం మనకి మామూలే, చిటపటకి అవీ కారణం కావొచ్చు. కానీ స్ప్రేల్లో చాలావాటికి మండే గుణం ఉంది, మెరుపు వచ్చే చోట వాటిని కొట్టకూడదు. శుభ్రం చేయడం కూడా లైను చనిపోయాక, ప్లేటు విప్పాక చేయాల్సిన పనే.

"కాసేపే కదా" అని స్నానాలయ్యేదాకా నడిపించడం. గీజర్ వేసే ఆ అరగంటే టెర్మినల్‌కి పూర్తి లోడు. ఎలక్ట్రీషియన్ దొరికేదాకా పొయ్యి మీద నీళ్లు కాచుకోండి.

పని సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఉండగానే గీజర్ వేయండి. చల్లటి నీళ్లతో, పూర్తి వేడి మీద పెట్టి 15, 20 నిమిషాలు నడవనివ్వండి. మధ్యలో నీళ్లు కాగాయని థర్మోస్టాట్ గీజర్‌ని ఆపేస్తే లోడు ఉండదు, పరీక్షా చెల్లదు. అందుకే వేడి నీళ్లు కాస్త వదిలి గీజర్ లైటు వెలుగుతూ ఉండేలా చూసుకోండి. అప్పుడు పొడి చేతి వెనక భాగంతో ప్లేటుని తాకి చూడండి. వెంటనే అదే బోర్డులో వాడకుండా ఉన్న స్విచ్‌నీ తాకండి. రెండిటికీ పెద్ద తేడా తెలియకూడదు. కాస్త గోరువెచ్చన ఫరవాలేదు, చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి మాత్రం ఉండకూడదు. తర్వాత గదిలో ఫ్యాన్ ఆపి, చెవి బోర్డు దగ్గరగా పెట్టి వినండి. సన్నటి చిర్రు కూడా వినిపించకూడదు.

గీజర్ ఆపి, ఎంసీబీ దించి, ప్లగ్ తీసి పిన్నులు కూడా చూడండి. మూడిటి రంగూ ఒకేలా ఉండాలి. ఒక్క పిన్ను దగ్గర మాత్రమే వేడి తెలుస్తుంటే సాకెట్ పట్టు ఇంకా వదులుగా ఉందన్నమాట, మార్పించండి.

ఇదే పరీక్ష వారం తర్వాత ఒకసారి, మళ్లీ ఏటా చలికాలం మొదట్లో గీజర్ తొలిసారి వేసిన రోజున ఒకసారి చేయండి. కొత్తగా బిగించిన మెత్తటి రాగి తీగ స్క్రూ కింద సర్దుకుంటుంది, రోజూ వేడెక్కి చల్లారడంతో కొంత వదులు రావొచ్చు. తేడా తెలిస్తే ఎంసీబీ దించి, అదే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క టెర్మినల్ మళ్లీ చూపించండి.